సఫాయి టెండరులో మనుషుల సంఖ్య రాసే ముందు: నల్లగొండ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నల్లగొండలో ఒకే శాఖ కార్యాలయాలు మూడు నాలుగు చోట్ల ఉండడం మామూలే. హైదరాబాద్ రోడ్డులో పెద్ద భవనం, గడియారం సెంటరు దగ్గర పాతది ఒకటి, దేవరకొండ రోడ్డులో ఇంకొకటి, పానగల్ దిక్కు చిన్నది మరొకటి ఉంటాయి. అన్నిటికీ కలిపి సఫాయి పనికి ఒకే టెండరు పిలుస్తారు. అందులో మనుషుల సంఖ్య సాధారణంగా రెండు రకాలుగా తేలుతుంది: బిల్డింగుకు ఇంతమంది అని రాసేస్తారు, లేదా మొత్తం చదరపు అడుగులను ఏదో ఒక అంకెతో భాగిస్తారు. మొదటి పద్ధతిలో పానగల్ భవనంలో పనిలేక కూర్చునే మనిషికి జీతం పోతుంది. రెండో పద్ధతిలో కాగితం మీద మనుషులు సరిపోతారు, కానీ పొద్దున పదిన్నరకు ఉద్యోగులు వచ్చేసరికి సగం గదులు ఊడ్చకుండానే ఉంటాయి. వచ్చే టెండరుకు లెక్క ఎలా కడితే ఈ రెండూ తప్పుతాయో నాలుగు భవనాల ఉదాహరణతో చెప్పడానికే ఈ లేఖ. ఉదాహరణలోని భవనాలు ఊహించినవి. మీ దగ్గర కొలిచిన అంకెలు పెట్టుకుంటే లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

మొదట కొలత సంగతి. ఇంజనీరింగ్ విభాగం ఇచ్చే ప్లింత్ ఏరియాలో గోడల మందం, తాళం వేసిన స్టోర్ రూములు, జనరేటర్ గది అన్నీ కలిసి ఉంటాయి. చీపురు, మాపు తిరిగేది అంతకంటే తక్కువ జాగాలో. కాబట్టి టేపు పట్టుకుని లోపలి నేలను మళ్లీ కొలిపించండి. కొలిచేటప్పుడే బల్లలు కుర్చీలు ఉన్న గదులు, ఖాళీ వరండాలు, మెట్లు, బాత్రూమ్‌లు అని నాలుగుగా విడదీయండి. అన్నిటికీ ఒకే రేటు పెడితే లెక్క అక్కడే చెడుతుంది. బాత్రూమ్‌ల విస్తీర్ణం భవనంలో చాలా తక్కువ, పని మాత్రం దాదాపు ఐదో వంతు ఉంటుంది. అందుకే వాటిని చదరపు అడుగుల్లో కాకుండా కమోడ్లు, యూరినల్స్, వాష్‌బేసిన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నిమిషాలు కట్టాలి.

ఇక ప్రామాణిక సమయం. అమెరికాలోని శుభ్రత పరిశ్రమ సంఘం ఐఎస్ఎస్ఏ ఒక్కో పనికి పట్టే సమయాల పట్టీలు అచ్చు వేసింది. బాత్రూమ్‌లో కమోడ్, యూరినల్, వాష్‌బేసిన్ లాంటి ఒక్కో అమరికకు 3 నిమిషాలు అనే అంకె అక్కడ బాగా వాడుకలో ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదు. మన బోరు నీళ్లకు కమోడ్ల లోపల, కుళాయిల చుట్టూ తెల్లటి గార పడుతుంది, రోజూ బ్రష్ గట్టిగా పట్టి రుద్దాల్సి వస్తుంది. పై అంతస్తులో నీళ్లు రాని భవనాల్లో బకెట్ కింది నుంచి మోసుకెళ్లాలి. అందుకే ఇక్కడ కింది నేల తుడవడంతో కలిపి ఒక్కోదానికి 4 నిమిషాలు పెట్టుకోవాలని మా మాట.

మిగతా పనులకు గడియారం పెట్టి కొలవడమే మార్గం. కొలిచే రోజు చీపురు, మాపు పనిచేసేవి ఉండాలి. పనిమంతురాలు మామూలు వేగంతో చేయాలి, పక్కన సారు నిలబడ్డారని ఉరుకులు పెట్టకూడదు. ఒకే గదిని నాలుగైదు రోజులు కొలిచి, మరీ తేడాగా వచ్చినదాన్ని పక్కన పెట్టి, సగటు తీయాలి. ఆ సగటు మీద విశ్రాంతి వాటా కలపాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ పని కొలత పద్ధతిలో సొంత అవసరాలకు మగవాళ్లకు 5, ఆడవాళ్లకు 7 శాతం, మామూలు అలసటకు మరో 4 శాతం కలుపుతారు. వంగి చేసే పని, మన ఎండలు చూసుకుంటే మొత్తం 15 శాతానికి తగ్గకూడదు. అంటే 1000 చదరపు అడుగుల ఆఫీసు గదులు ఊడ్చి, డస్ట్‌బిన్ ఖాళీ చేసి, బల్లలు తుడిచి, మాపు పెట్టడానికి గడియారంలో 30 నిమిషాలు పడితే, లెక్కలో 35 అని రాయాలి. ఈ వాటా కలిపాక మళ్లీ వేరేగా టీ సమయం కోత కోయకండి, రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. మధ్యాహ్నం భోజనం అరగంట మాత్రం దీనికి బయటే.

ఈ ఉదాహరణలో వరండాకు 1000 చదరపు అడుగులకు 20 నిమిషాలు, మెట్లకు ఒక్కో వరుసకు 5 నిమిషాలు అనుకుందాం. హైదరాబాద్ రోడ్డు భవనంలో గదులు 6000 చదరపు అడుగులు, వరండాలు 3000, బాత్రూమ్ అమరికలు 20, మెట్ల వరుసలు 4. గదులకు 210, వరండాలకు 60, బాత్రూమ్‌లకు 80, మెట్లకు 20, మొత్తం 370 నిమిషాలు. ఇదే తీరుగా గడియారం సెంటరు భవనంలో గదులకు 70, వరండాకు 20, ఆరు అమరికలకు 24, మెట్లకు 10, మొత్తం 124. దేవరకొండ రోడ్డు భవనంలో గదులకు 56, వరండాకు 20, ఆరు అమరికలకు 24, మొత్తం 100. పానగల్ భవనంలో గదులకు 42, వరండాకు 10, నాలుగు అమరికలకు 16, మొత్తం 68. నాలుగూ కలిపితే రోజుకు 662 నిమిషాల పని. ఒక మనిషి 8 గంటల డ్యూటీ అంటే 480 నిమిషాలు. భాగిస్తే ఒకటిన్నర కూడా రాదు. ఫైలు మీద "ఇద్దరు చాలు" అని రాసేది ఇక్కడే.

ఆ అంకెలో రెండు సంగతులు లేవు. మొదటిది పొద్దుటి గడువు. కార్యాలయం పదిన్నరకు తెరుచుకుంటే గదులు, బాత్రూమ్‌లు అంతలోపే పూర్తి కావాలి. వరండాలు, మెట్లు తరువాతైనా చేయవచ్చు. మనుషులు కూర్చున్నాక గదిలో మాపు పెట్టాలంటే ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి, లేవమని అడగాలి. 35 నిమిషాల పని అప్పుడు ఇంకా సాగుతుంది, తడి నేల మీద బూట్ల అడుగులు పడి మళ్లీ తుడవాల్సి వస్తుంది. ముందు తప్పక అయిపోవాల్సిన పని హైదరాబాద్ రోడ్డులో 290, గడియారం సెంటరులో 94, దేవరకొండ రోడ్డులో 80, పానగల్‌లో 58, మొత్తం 522 నిమిషాలు. పొద్దున 6.45కు మొదలుపెడితే పదిన్నర వరకు ఒక్కొక్కరికి 225 నిమిషాలు దొరుకుతాయి, ఇద్దరికి 450. దారిలో ఒక్క నిమిషం కూడా పోదనుకున్నా ఇద్దరితో ఈ పని అవదు. కాబట్టి రోజు మొత్తాన్ని 480తో భాగించే ముందు, తెరిచేలోపు అవాల్సిన పనిని 225తో భాగించి చూడండి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ వస్తే మనుషుల సంఖ్య దాని కంటే తగ్గకూడదు.

రెండోది ప్రయాణం. దీనిలోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. గడియారం సెంటరు నుంచి దేవరకొండ రోడ్డుకు ఆటోలో 15 నిమిషాలు అనుకుంటే, అది ఒక్కరికి 15. ముగ్గురు కలిసి వెళ్తే 45 నిమిషాల పని సమయం పోయినట్టు. దాని మీద ప్రతి భవనంలోనూ వాచ్‌మన్‌ను పిలిచి తాళం తీయించడం, బకెట్లు నింపడం, ఫినాయిల్ కలపడం, చివర మాపు జాడించి ఆరేయడం ఉంటాయి. మనిషికి, భవనానికి ఇది 15 నిమిషాలు. పని పది నిమిషాలదైనా, గంటదైనా ఈ 15 మారదు. అందుకే చిన్న భవనానికి పెద్ద జట్టును పంపడం అన్నిటికంటే దండుగ. పానగల్‌లో 58 నిమిషాల పనికి ముగ్గురు దిగితే, సామాను తీయడానికీ సర్దడానికే 45 పోతాయి.

ముగ్గురినీ ఒకే ఆటోలో నాలుగు చోట్లకూ తిప్పే పద్ధతి చూద్దాం. కాంట్రాక్టరుకు ఇదే సులువు, సూపర్‌వైజర్ ఒక్కడు వెంట ఉంటే చాలు. హైదరాబాద్ రోడ్డు నుంచి గడియారం సెంటరుకు 15, అక్కడి నుంచి దేవరకొండ రోడ్డుకు 15, అక్కడి నుంచి పానగల్‌కు 20, దారి 50 నిమిషాలు. ముగ్గురికి 150. నాలుగు భవనాల్లో ముగ్గురు సామాను తీసి పెట్టడానికి 180. పనికి బయట పోయేది 330 నిమిషాలు. పని 522 కలిపితే 852. ముగ్గురికీ పదిన్నర లోపు ఉన్నది 675. చివర వచ్చే పానగల్ భవనం ఏ రోజూ టైముకు అవదు, ఫిర్యాదులన్నీ అక్కడి నుంచే వస్తాయి. అక్కడ పనిచేసేవాళ్లు సోమరులని నోటీసు కూడా ఇస్తారు.

అదే ముగ్గురిని విడగొట్టండి. ఒకరు 6.45 నుంచి హైదరాబాద్ రోడ్డులోనే ఉంటారు. సామాను 15 పోను వారికి 210 నిమిషాల పని సమయం ఉంటుంది. రెండో మనిషి ముందు పానగల్‌లో దిగుతారు. సామానుకు 15, గదులు బాత్రూమ్‌లకు 58, వరండా 10 కలిపి 8.08కి అక్కడి పని పూర్తిగా ముగుస్తుంది, ఆ రోజుకు మళ్లీ పానగల్ వెళ్లే పని లేదు. 20 నిమిషాల్లో హైదరాబాద్ రోడ్డు చేరి, సామానుకు 15 పోను, పదిన్నర వరకు 107 నిమిషాలు చేస్తారు. ఇద్దరివీ కలిపి 317, అక్కడ కావాల్సింది 290. ఇరవై ఏడు నిమిషాలు చేతిలో మిగిలాయి. మూడో మనిషి గడియారం సెంటరులో 15 మరియు 94, దారి 15, దేవరకొండ రోడ్డులో 15 మరియు 80, మొత్తం 219 నిమిషాల్లో ముగిస్తారు. ఆరు నిమిషాలే మిగులు. పనికి బయట పోయింది ఈసారి 110 నిమిషాలు మాత్రమే. మనుషులు అంతే, భవనాలు కూడా అంతే.

ఇదే ఏర్పాటులో 7 గంటలకు మొదలుపెడితే మూడో మనిషి 10.39కి ముగిస్తారు, అంటే రోజూ తొమ్మిది నిమిషాలు ఆలస్యం. పావుగంట ముందు రావడం వల్ల లెక్క ఎంత మారుతుందో దీన్ని బట్టి చూడవచ్చు. కానీ ఆరు నిమిషాల మిగులుతో ఏ ఏర్పాటూ నిలబడదు. ఆటో ఒక రోజు దొరకకపోతే చాలు. దేవరకొండ రోడ్డు భవనంలో వాడకం తక్కువున్న గదులకు మాపు రోజు విడిచి రోజు పెట్టి, మధ్య రోజు ఊడ్చి బల్లలు తుడిస్తే చాలని టెండరులోనే రాయండి. అలా సగం గదులకు మాపు తగ్గితే రోజుకు 14 నిమిషాల వరకు కలిసొస్తుంది, మిగులు 20 అవుతుంది. ఏ గది ఏ రోజన్నది తలుపు మీద అంటించి ఉండాలి, లేకుంటే ఆ గదివాళ్లు రోజూ అడుగుతారు.

దారి సమయం ఎలా కొలవాలో కూడా చెప్పాలి. ఫోన్ మ్యాపు చూపించే నిమిషాలు బండి కదిలిన దగ్గర నుంచి ఆగేదాకానే. మనకు కావాల్సింది ఒక భవనంలో మాపు పక్కన పెట్టిన క్షణం నుంచి రెండో భవనంలో తాళం దగ్గర నిలబడే దాకా. షేర్ ఆటో నిండేదాకా ఆగడం అందులో ఉంటుంది. పని జరిగే గంటల్లోనే పదిసార్లు కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి, ఎనిమిదో అంకె తీసుకోండి. సగటు తీసుకుంటే దాదాపు సగం రోజులు ఆలస్యమే అవుతుంది. ఈ సమయం డ్యూటీలో భాగమే, ఆటో కిరాయి కార్మికురాలి జేబు నుంచి పోకూడదు. ఈ రెండు మాటలూ టెండరులో లేకుంటే కాంట్రాక్టరు వాటిని ఆమె నెత్తినే వేస్తాడు. బకెట్, మాపు, చీపురు, బ్రష్ ప్రతి భవనంలోనూ ఒక సెట్ ఉండాలి. ఒకే సెట్‌ను ఆటోలో మోసుకు తిరిగితే ఎక్కించి దింపడానికి నిమిషాలు పోతాయి, బాత్రూమ్ మాపు తడిగా వెళ్లి ఇంకో భవనం గదుల్లో వాడుకయ్యే ప్రమాదం కూడా ఉంది.

పదిన్నర తరువాత సంగతి మీరు అడుగుతారు. నిజమే, అప్పుడు పని తక్కువ. పానగల్ వరండా పొద్దునే అయిపోయింది కనుక మిగతా మూడు చోట్ల వరండాలు, మెట్లు 130 నిమిషాలు. మూడో మనిషి దేవరకొండ రోడ్డు నుంచి గడియారం సెంటరుకు తిరిగి రావడానికీ, సామానుకూ 30. పెద్ద భవనంలో మధ్యాహ్నం బాత్రూమ్‌ల రెండో చుట్టు 30. ముప్పై ఆరు అమరికల గార వారానికోసారి ఒక్కోటి 6 నిమిషాల చొప్పున తీస్తే, ఆరు రోజులకు పంచి రోజుకు 36. అన్నీ కూడితే 226. పొద్దుటి పని 522, పానగల్ వరండా 10, పనికి బయట పోయిన 110 కూడా కలిపి రోజు మొత్తం చూస్తే 868 నిమిషాలు, అంటే ఇద్దరి పని కంటే కొంచెం తక్కువే. అయినా మూడో మనిషి కావాల్సింది పొద్దుటి నాలుగు గంటల కోసం. ఆ మనిషిని సగం డ్యూటీకి పెట్టుకోవచ్చు కదా అనేది న్యాయమైన ప్రశ్నే. సగం జీతానికి పొద్దున్నే వచ్చే మనిషి ఎక్కువ కాలం నిలవరని మా అభిప్రాయం. దానికి బదులు పూర్తి డ్యూటీ ఇచ్చి, ఫ్యాన్లు, కిటికీలు, బూజు, ఆవరణ లాంటి పనులను కూడా నిమిషాలతో సహా వారాలకు పంచి రాయండి. పదిన్నర తరువాత ముగ్గురికీ కలిపి మిగిలే దాదాపు 540 నిమిషాలు వాటికి సరిపోతాయి. సాయంత్రం ఐదు తరువాత గదులు తుడిపించి, పొద్దున బల్లలు మాత్రమే తుడిచే మార్గం ఇంకొకటి ఉంది. వేసవిలో రాత్రి వీచే గాలికి కిటికీల సందుల నుంచి దుమ్ము మళ్లీ పడుతుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో అది పనికిరాదు.

గార గురించి ఒక హెచ్చరిక, సమయం లెక్కకు ఇదీ సంబంధించినదే. నిమిషాలు చాలనప్పుడు యాసిడ్ ఎక్కువ పోసి తొందరగా తెల్లబరచడం కనిపిస్తూనే ఉంటుంది. పాత భవనాల్లో నేల తాండూరు బండలు, షాబాద్ బండలు. అవి సున్నపురాయి జాతివి, యాసిడ్ పడితే నురగ వచ్చి నునుపు పోతుంది. నునుపు పోయిన బండ మురికిని పట్టుకుంటుంది, తరువాత ఆ గదికి 35 నిమిషాలు చాలవు. బాత్రూమ్ గుమ్మం బయట బండలు తెల్లగా, గరుకుగా కనిపిస్తే గార పనికి మీరిచ్చిన సమయం చాలడం లేదని అర్థం.

విడగొట్టే ఏర్పాటుకు ఒక హద్దు ఉంది. 6.45కు ఖాళీ భవనంలో ఒంటరిగా ఒక స్త్రీ పనిచేయాలి. వాచ్‌మన్ ఉండి, గేటు దగ్గర వెలుతురు ఉండి, ఫోన్ అందే చోటైతే సరే. అలా లేని చోటికి ఒంటరిగా పంపకూడదు. అప్పుడు ఇద్దరిద్దరుగా పంపాలి, నలుగురు కావాలి: ఒక జంట హైదరాబాద్ రోడ్డులో, రెండో జంట మిగతా మూడు చోట్ల. రెండో జంట గడియారం సెంటరులో 62 నిమిషాలు, దారి 15, దేవరకొండ రోడ్డులో 55, దారి 20, పానగల్‌లో 44, మొత్తం 196 నిమిషాల్లో ముగిస్తుంది. 225లో ఇంకా 29 చేతిలో ఉంటాయి. నాలుగో మనిషి జీతం భద్రత కోసం పెట్టే ఖర్చు. ఆ మాట ఫైలులో అలాగే రాయండి, మరుసటి ఏడాది ఆడిట్‌లో ఎవరూ దాన్ని అదనం అని కొట్టేయరు.

ఏర్పాటు మొదలయ్యాక ప్రతి భవనంలో ఒక నోటుబుక్కు, అందులో వచ్చిన సమయం, వెళ్లిన సమయం అని రెండు వరుసలు చాలు. సంతకం వాచ్‌మన్‌ది. రెండు వారాల తరువాత వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చే సమయం రోజురోజుకూ వెనక్కి జరుగుతుంటే దారి అంకె తప్పు. టైముకు వచ్చి ఆలస్యంగా వెళ్తుంటే గది అంకె తప్పు, లేదా నీళ్లు రావడం లేదు. రాసినదానికంటే చాలా ముందే వెళ్లిపోతుంటే సంతోషించకండి, బకెట్‌లో నీళ్లు మార్చకుండా అన్ని గదులూ లాగేస్తుండవచ్చు. మూడో గది మూలలో ఆరిన మాపు గీతలు బూడిద రంగులో ఉంటే అదే కారణం.

ఒకరు రాని రోజు ఏది వదలాలో కూడా ముందే రాసి ఉండాలి. మా సలహా: బాత్రూమ్‌లు ఏ భవనంలోనూ వదలకూడదు. గదుల్లో మాపు మానేసి ఊడ్చి డస్ట్‌బిన్లు ఖాళీ చేయాలి. వరండాలు మర్నాటికి. ఇద్దరితో ఆ పని పదిన్నరకు అవుతుందో లేదో పై పద్ధతిలోనే లెక్కగట్టి టెండరు పత్రం చివర జతచేయండి. లెక్క ఇవ్వని టెండరులో ఆ రోజు నిర్ణయం కాంట్రాక్టరు మేస్త్రీ ఫోన్‌లో తీసుకుంటాడు, చిన్న భవనానికి తాళం కూడా తీయరు.

వచ్చే టెండరు ముసాయిదాలో మేం కోరేది నాలుగు పట్టీలు: కొలిచిన నేల, పనివారీ నిమిషాలు, భవనం నుంచి భవనానికి దారి నిమిషాలు, ఒక్కొక్కరు పొద్దున ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారన్న వరుస. టెండరు వేసేవాళ్లందరికీ ఇవి ముందే ఇస్తే, ముగ్గురు అవసరమైన చోట ఇద్దరిని చూపించి తక్కువ రేటు కోట్ చేసేవారిని అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

ఇట్లు,
భవనాల శుభ్రత పనిలో ఉన్న సూపర్‌వైజర్లం,
నల్లగొండ